ఆ కాగితంలో ఏముండాలి: చిన్న కంపెనీల యజమానులకు ఒక వెరిఫికేషన్ ఉద్యోగి బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో పది మందితోనో యాభై మందితోనో కంపెనీలు నడుపుతున్న యజమానులకు, అసలు పనితో పాటు హెచ్‌ఆర్ పని కూడా నెత్తిన పడ్డ మేనేజర్లకు నమస్కారం.

నాది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉద్యోగం. పెద్ద కంపెనీలు ఎవరికైనా ఆఫర్ ఇచ్చాక, వాళ్ళు రెజ్యూమెలో రాసుకున్నది నిజమో కాదో చూసి రిపోర్టు ఇస్తాం. పదేళ్ళుగా ఇదే పని. మీలో కొందరికి నేను ఫోన్ చేసే ఉంటాను. "ఎవరండీ ఆ అమ్మాయి? రెండేళ్ళయింది కదా మేడమ్, అప్పటి హెచ్‌ఆర్ మానేసింది" అనే జవాబు వారానికి నాలుగైదు సార్లు వింటాను. అప్పుడు నా ముందు మిగిలేది మీరిచ్చిన కాగితం ఒక్కటే. అది సరిగ్గా ఉంటే మీరు ఫోన్ ఎత్తకపోయినా చాలావరకు పని జరిగిపోతుంది. సరిగ్గా లేకపోతే మీరు ఎత్తి ఎంత మంచిగా చెప్పినా రిపోర్టులో 'తేడా ఉంది' అని రాయాల్సి వస్తుంది.

ఉద్యోగి విషయంలో ఇంకా నయం. పీఎఫ్ ఖాతా ఉంటే చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో కనిపిస్తాయి. పేస్లిప్పులు ఉంటాయి. ఇంటర్న్‌కు మామూలుగా పీఎఫ్ ఉండదు, పేస్లిప్ ఉండదు. స్టైపెండ్ ఇస్తే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నాలుగు ఎంట్రీలు, ఇవ్వకపోతే అవీ ఉండవు. మీరిచ్చే సర్టిఫికెట్ తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు.

ఒక ఫైలు సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. గుంటూరు వైపు అమ్మాయి, బీటెక్ ఆఖరి సెమిస్టర్‌లో హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరింది. 2021 జనవరి 18న చేరి జూన్ 30 దాకా ఇంటర్న్. పని నచ్చి వాళ్ళే జూలై 1 నుంచి ఉద్యోగంలోకి తీసుకున్నారు. 2022 ఆగస్టు 26న మానేసింది. ఇంటర్న్‌షిప్ అయిపోయినప్పుడు విడిగా కాగితమేమీ ఇవ్వలేదు, అదే కంపెనీలో ఉంది కదా అని ఆమె కూడా అడగలేదు. మానేసేటప్పుడు మాత్రం రెండు లైన్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చారు: ఈమె జనవరి 2021 నుంచి ఆగస్టు 2022 వరకు మా సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేశారు, ఆమె భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాము. కింద గిలికిన ఒక సంతకం, 'హెచ్‌ఆర్' అన్న రబ్బరు స్టాంపు.

ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చాడు. ఇంటర్న్ అని రాస్తే చిన్నగా ఉంటుందేమో, మొత్తం కలిపి రాస్తే అమ్మాయికి మేలు జరుగుతుందని అనుకున్నాడట. నా బల్ల మీదికి వచ్చేసరికి ఆ మేలు ఎలా కనిపించిందో చూడండి. లెటర్ ప్రకారం అనుభవం 19 నెలలు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ 2021 జూలై 1, అంటే 14 నెలలకు ఐదు రోజులు తక్కువ. బీటెక్ పూర్తయిందే 2021 మధ్యలో. మరి జనవరిలోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఎలా అయింది? ఆ అమ్మాయి రెజ్యూమెలో ఇంటర్న్‌షిప్, ఉద్యోగం విడివిడిగా నిజాయితీగానే రాసుకుంది. అబద్ధంలా కనిపించింది కంపెనీ లెటరే. లెటర్‌కూ రెజ్యూమెకూ పొంతన లేనప్పుడు ఎవరిది తప్పో తేల్చే అధికారం నాకు లేదు. తేడా ఉందని రాసి పంపాలి, అంతే. రాశాను. చేరాల్సిన తేదీ వాయిదా పడింది.

ఇలాంటి తేడాలను మేమెందుకు అంత పట్టించుకుంటామంటే, ఈ ఊళ్ళో డబ్బు తీసుకుని అనుభవం అమ్మే అంగళ్ళు ఉన్నాయన్న సంగతి మీకు తెలియంది కాదు. వాళ్ళ లెటర్లు మీ లెటర్ల కంటే అందంగా ఉంటాయి. బంగారు రంగు అంచు, రిబ్బను బొమ్మ, ఈ మధ్య క్యూఆర్ కోడ్ కూడా. ఆ కోడ్ స్కాన్ చేస్తే వాళ్ళే పెట్టుకున్న పేజీకి వెళ్తుంది, అందులో సర్టిఫికెట్ అసలుదే అని ఉంటుంది. అందుకే మేము అందం చూడం.

మొదట చూసేది లెటర్‌హెడ్. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ నంబరు, ఫోను, ఈమెయిల్ ఉండాలని 2013 కంపెనీల చట్టం 12వ సెక్షనే చెబుతోంది. ఇంటర్న్‌ల కోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు, మీ ఉత్తరాల మీద ఎలాగూ ఉండాల్సిందే. సీఐఎన్‌లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మధ్యలో వచ్చే నాలుగంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం. సీఐఎన్‌లో 2020 కనిపిస్తూ, ఇంటర్న్‌షిప్ 2018లో చేశారని సర్టిఫికెట్ చెబితే ఆ ఫైలు అక్కడే ఆగుతుంది. సొంత పేరు మీద నడిపే సంస్థలకు సీఐఎన్ ఉండదు. వాళ్ళు జీఎస్టీ నంబరో ఉద్యమ్ నంబరో వేస్తే చాలు.

తర్వాత పేరు. తెలుగువాళ్ళ సర్టిఫికెట్లలో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడి గడిలోకి వెళ్తుంది. ఆఫీసులో పిలిచేది సగం పేరు. మీరు మెయిల్ ఐడీలో ఉన్న సగం పేరుకు ఒక పొడి అక్షరం తగిలించి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ పేరుతో అదే కాలేజీలో ఇంకో ముగ్గురు ఉండొచ్చు. పదో తరగతి మెమోలో ఉన్నట్టుగా పూర్తి పేరు రాసి, పక్కన కాలేజీ పేరు, హాల్‌టికెట్ నంబరు వేయండి. ఆ నంబరు ఉంటే వేరే మనిషిదేమోనన్న అనుమానానికి తావుండదు.

తేదీల విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను: నెలను అంకెల్లో రాయకండి. 06/07/2021 అంటే మనకు జూలై 6. అదే కాగితం అమెరికా క్లయింట్ చేతిలో జూన్ 7 అవుతుంది. 'జనవరి 2021 నుంచి' అని వదిలేసినా కుదరదు. చేరిన రోజు, ముగిసిన రోజు రెండూ కావాలి. వాటితో పాటు సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, ఒక రిఫరెన్స్ నంబరు. ఇచ్చిన తేదీ ముగిసిన తేదీ కంటే ముందు ఉండకూడదు. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ చాలా ఎక్కువగా చూసే తప్పు. కాలేజీలో వైవా జూన్ 20న ఉంటుంది, ఇంటర్న్‌షిప్ 30తో అయిపోతుంది. పిల్లలు కంగారు పడతారు, మీరు జాలిపడి 18వ తేదీనే 'జూన్ 30న విజయవంతంగా పూర్తి చేశారు' అని రాసి ఇచ్చేస్తారు. ఇంకా జరగనిదాన్ని జరిగిందని సంతకం పెట్టినట్టే కదా. అలాంటప్పుడు 'ఫలానా తేదీ నుంచి మా దగ్గర ఇంటర్న్‌గా పనిచేస్తున్నారు, జూన్ 30న ముగుస్తుంది' అని ఒక చిన్న లెటర్ ఇవ్వండి. కాలేజీలో అది చూపించుకుంటారు. అసలు సర్టిఫికెట్ 30 తర్వాత ఇవ్వండి.

ఎన్ని గంటలు పనిచేశారో కూడా రాయాలి. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌కు కాలేజీల్లో క్రెడిట్లు ఇస్తున్నారు, క్రెడిట్లను గంటల్లో లెక్క కడతారు. ఏఐసీటీఈ లెక్కలో ఒక క్రెడిట్‌కు 40 నుంచి 45 గంటల పని. 'ఆరు నెలల ఇంటర్న్‌షిప్' అని రాస్తే రోజుకు రెండు గంటలా ఎనిమిది గంటలా ఎవరికి తెలుస్తుంది? పైన చెప్పిన అమ్మాయిదే చూడండి. జనవరి 18 నుంచి జూన్ 30 వరకు వారానికి ఐదు రోజుల చొప్పున 118 పనిదినాలు వస్తాయి. అందులో 5 సెలవులు, ఆమె పెట్టిన 3 లీవులు తీసేస్తే 110 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 880 గంటలు. మీ దగ్గర హాజరు ఉంటే పది నిమిషాల పని. పనిచేసింది ఆఫీసులోనా ఇంటి నుంచా అన్నది కూడా రాయండి. ఆ సంవత్సరం మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టాక ఆమె ఊరికి వెళ్ళి అక్కడి నుంచే పనిచేసింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏటీఎం లావాదేవీలన్నీ గుంటూరు జిల్లావి, కంపెనీ లెటర్‌లో చిరునామా మాదాపూర్‌ది. ఒక్క వాక్యం ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

ఇక చేసిన పని. 'వివిధ ప్రాజెక్టుల్లో చురుకుగా పాల్గొన్నారు' అన్న వాక్యాన్ని నేను కొన్ని వందల సర్టిఫికెట్లలో చదివాను. దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. మీ క్లయింట్ పేరు, రహస్యాలు రాయనక్కర్లేదు. 'ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ యాప్‌లో రోగి నమోదు పేజీలు రియాక్ట్‌లో చేశారు, వాటికి టెస్ట్ కేసులు రాశారు' అంటే చాలు. రెండు వాక్యాలు, మూడు దాటక్కర్లేదు. ఇంటర్వ్యూ చేసేవాడు అదే అడుగుతాడు, అభ్యర్థి అదే చెబుతాడు, కాగితంలో అదే ఉంటుంది. స్టైపెండ్ ఇచ్చారో లేదో ఒక్క ముక్క రాయండి, ఎంతో రాయడం మీ ఇష్టం. హోదా దగ్గర 'ఇంటర్న్' అనే రాయండి. దయచేసి పెంచకండి. ఫీజు తీసుకుని నేర్పించి ఉంటే దాన్ని ట్రైనింగ్ అనాలి, ఇంటర్న్‌షిప్ అనకూడదు. ఇది కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు.

చివర్లో సంతకం. దాని పక్కన పేరు, హోదా, కంపెనీ డొమైన్ మెయిల్, ఎవరో ఒకరు ఎత్తే ఫోన్ నంబరు. ఇంటర్న్ ఎవరి కింద పనిచేశారో ఆ మనిషి పేరు లోపల ఎక్కడైనా ఉంటే ఇంకా మంచిది. సొంత జీమెయిల్ నుంచి 'అవును, మా దగ్గరే చేసింది' అని మీరు జవాబిస్తే నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేను. అలాంటి మెయిల్ ఎవరైనా సృష్టించుకోవచ్చు.

ఎక్స్‌పీరియన్స్ లెటర్‌కు కూడా ఇవే వర్తిస్తాయి. కాకపోతే అందులో కాలేజీ వివరాల స్థానంలో ఎంప్లాయీ ఐడీ వస్తుంది. చేరినప్పటి హోదా, మానేసేటప్పటి హోదా, మధ్యలో మారితే మారిన తేదీ, ఫుల్‌టైమా కాదా అన్నవి రావాలి. ఆఖరి పనిదినం పీఎఫ్‌లో మీరు వేసిన తేదీతో కలవాలి. రిలీవింగ్ లెటర్ వేరు, అది రాజీనామా ఒప్పుకుని పంపించామని చెప్పేది. రెండూ ఒకే కాగితంలో ఇచ్చినా పర్వాలేదు. నోటీసు పీరియడ్ డబ్బు రావాలనో, బాండ్ గొడవ తేలలేదనో ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఆపేసేవాళ్ళు మీలో ఉన్నారు. డబ్బు వ్యవహారం విడిగా తేల్చుకోండి, రిలీవింగ్ సంగతి అందులో చూసుకోండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మీ దగ్గర పనిచేసిన మాట మాత్రం బాకీ ఉన్నా లేకపోయినా నిజమే.

విదేశాలకు వెళ్ళేవాళ్ళు మళ్ళీ మీ దగ్గరికి వచ్చి ఇంకో లెటర్ అడిగితే విసుక్కోకండి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి పెట్టేవాళ్ళ లెటర్‌లో వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి జీతం ఎంత, చేసిన పనులేమిటి అన్నవి విధిగా ఉండాలి. మామూలు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో జీతం రాయరు కాబట్టి అది అక్కడ పనికిరాదు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌ను వాళ్ళు అసలు అనుభవంగానే లెక్కించరు. అది లెక్కకు రావాలని మీచేత 'స్టైపెండ్ ఇచ్చాము' అని రాయించుకోవాలని చూసేవాళ్ళు వస్తారు, రాయకండి.

మీ వైపు నుంచి వచ్చే ఫిర్యాదూ నాకు తెలుసు. పిల్లలకు అడగడం రాదు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో 'సర్ సర్టిఫికెట్ ప్లీజ్' అని ఒక మెసేజ్. ఏ సర్టిఫికెట్, ఏ తేదీలు, ఎప్పటికి కావాలి, ఏమీ ఉండదు. మీరు ఒక బొటనవేలు బొమ్మ పెట్టి మర్చిపోతారు. ఆ అమ్మాయి కూడా మొదట అలాగే అడిగిందట, అలాంటి బొటనవేలే వచ్చిందట. రిపోర్టులో తేడా వచ్చాక మాత్రం పద్ధతిగా మెయిల్ రాసింది. దాని నకలు తర్వాత ఫైల్లోకి వచ్చింది. ఇంగ్లీషులో రాసిన ఆ మెయిల్ సారం ఇదీ:

"నమస్కారం సర్. నేను 2021 జనవరి 18 నుంచి జూన్ 30 వరకు మీ దగ్గర ఇంటర్న్‌గా, 2021 జూలై 1 నుంచి 2022 ఆగస్టు 26 వరకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేశాను. నాకిచ్చిన లెటర్‌లో రెండూ కలిపి ఉండటం వల్ల కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో పీఎఫ్ తేదీతో తేడా వచ్చింది. దయచేసి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ విడివిడిగా ఇవ్వగలరా? మీకు శ్రమ లేకుండా రెండింటి డ్రాఫ్టులు జతచేశాను, మీ రికార్డులతో సరిచూసి ఏదైనా తప్పుంటే మార్చండి. ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్, స్టైపెండ్ పడిన బ్యాంకు ఎంట్రీలు, ఉద్యోగంలోకి తీసుకున్న లెటర్, ఆఖరి పేస్లిప్ కూడా జతలో ఉన్నాయి. వచ్చే శుక్రవారం లోపు అందితే నా చేరిక ఆగదు. పాత లెటర్ వెనక్కి ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను."

యజమానికి రాసి, టీమ్ లీడ్‌ను కాపీలో పెట్టింది. మూడో రోజుకు రెండు కాగితాలూ వచ్చాయి. కొత్త లెటర్‌లో ఆయన ఒక మంచి పని చేశాడు: 'గతంలో ఇచ్చిన లెటర్‌కు బదులుగా ఇది ఇస్తున్నాము' అని పాత తేదీతో సహా రాశాడు. అది లేకపోతే ఒకే మనిషికి రెండు రకాల లెటర్లు ఎందుకున్నాయని మళ్ళీ అడగాల్సి వచ్చేది. వెనకటి తేదీ కూడా వేయలేదు, ఇచ్చిన రోజు తేదీయే వేశాడు. తేడా తీసేసి రిపోర్టు మళ్ళీ పంపాను.

మీ దగ్గర చేరే ప్రతి ఇంటర్న్‌కూ మొదటి రోజే ఇలా అడగమని చెప్పండి: ఆఖరి రోజుకు రెండు వారాల ముందు, మెయిల్‌లో, మొదట తనకు పని చెప్పినవాళ్ళను, కాపీలో హెచ్‌ఆర్‌ను, వివరాలన్నీ నింపిన డ్రాఫ్టుతో. ఆఖరి రోజున ల్యాప్‌టాప్ ఇచ్చేశాక కంపెనీ మెయిల్ మూసుకుపోతుంది, అందులోనే ఉండిపోయిన ఆఫర్ లెటర్ మళ్ళీ దొరకదు. కాబట్టి తన ఆఫర్ లెటర్, స్టైపెండ్ మెయిళ్ళు ముందే దాచుకోవాలి, కంపెనీ కోడ్, ఫైళ్ళు మాత్రం ముట్టుకోకూడదు. ఐదు పనిదినాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ గొలుసులో ఒకసారి గుర్తుచేసి, తర్వాత పగటిపూట ఫోన్ చేయడంలో తప్పు లేదు. అప్పటికీ కాకపోతే రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో ఉత్తరం, రసీదు జాగ్రత్త. కంపెనీయే మూతపడితే ఆఫర్ లెటర్, బ్యాంకు ఎంట్రీలు, అప్పుడు పైన ఉన్న టీమ్ లీడ్ తన అప్పటి హోదా చెబుతూ సొంతంగా రాసిచ్చిన లెటర్, ఈ మూడూ కలిపి చూస్తాం. ఆ లెటర్ కంపెనీ సర్టిఫికెట్‌తో సమానం కాదు, కానీ ఏమీ లేకపోవడం కంటే ఎంతో నయం.

సర్టిఫికెట్ ఇస్తామన్న మాట, ఎన్ని రోజుల్లో ఇస్తామన్న మాట ఆఫర్ లెటర్‌లోనే ఒక వాక్యంగా పెట్టండి. ఇచ్చిన ప్రతిదాని పీడీఎఫ్‌ను ఒకరి ల్యాప్‌టాప్‌లో కాకుండా ఆఫీసు డ్రైవ్‌లో ఉంచండి. పక్కనే ఒక రిజిస్టర్: రిఫరెన్స్ నంబరు, పేరు, హాల్‌టికెట్ నంబరు, తేదీలు, సంతకం ఎవరిది. ఖాతా పుస్తకంలా గీతలు కొట్టిన మామూలు నోటుబుక్ అయినా సరే. హెచ్‌ఆర్ మానేసినా అది మానేయదు. మేము సాధారణంగా పదకొండు దాటాక ఫోన్ చేస్తాం. ఆ పుస్తకం ఎక్కడుంటుందో ఫోన్ ఎత్తేవాళ్ళకు తెలిస్తే రెండు నిమిషాల్లో వదిలేస్తాను.

ఇట్లు,
మీకు తరచూ ఫోన్ చేసే ఒక వెరిఫికేషన్ ఉద్యోగిని,
హైదరాబాద్